80 మంది పిల్లలు... 160 చొక్కాలు... బట్టెంత?

చొక్కాకు మీటరు! కుట్టుపని తెలిసినవాళ్లను ఎవరిని అడిగినా ముందు వచ్చే జవాబు ఇదే. బడికెళ్లే పిల్లాడికి ఒక పొట్టి చేతుల చొక్కా కుట్టించాలంటే ఆ లెక్క చాలు. కాస్త మిగిలితే చేతిరుమాలు అవుతుంది, తగ్గితే షాపుకెళ్లి పావు మీటరు తెచ్చుకోవచ్చు. కానీ ఒక బడి మొత్తానికి కుట్టాల్సి వస్తే? అప్పుడు తగ్గేది పావు మీటరు కాదు. ఆ తగ్గిన బట్ట మళ్లీ అదే రంగులో దొరుకుతుందన్న భరోసా కూడా లేదు. తేడా ఎక్కడో తేలాల్సిందే. అందరికీ పంచేసరికి చివర్లో నలుగురు పిల్లలకు చొక్కా ఉండదు. లేదా బట్ట సరిపెట్టడానికి కుట్టుల్లోకి, అంచు మడతలోకి వదలాల్సిన బట్టను కత్తిరించేస్తారు. అలాంటి చొక్కా ఆరు నెలలకే చంక దగ్గర పిగులుతుంది, పిల్లాడు ఎదిగితే విప్పి పొడుగు చేయడానికి లోపల ఏమీ ఉండదు.

ప్రభుత్వ బడుల్లో సమగ్ర శిక్ష కింద ఒక్కో విద్యార్థికి ఏడాదికి రెండు జతల యూనిఫాం అన్నది లెక్క. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో విద్యా కానుక మొదలైనప్పుడు బట్టను ఇళ్లకే ఇచ్చి, కుట్టుకూలి తల్లుల ఖాతాల్లో వేశారు. 2024లో తెలంగాణలో కుట్టే పనిని మహిళా సంఘాలకు అప్పగించారు. ఇంటికి ఇచ్చిన బట్టను ఏ టైలరు కోసినా ఒక పిల్లాడి కొలతతోనే కోస్తాడు. సంఘం చేతికి మాత్రం తానులకు తానులు వస్తాయి. అక్కడ కత్తెర పట్టేముందు పెన్సిలు పట్టాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక ప్రాథమిక పాఠశాల. 80 మంది అబ్బాయిలు. తలా రెండు... మొత్తం 160 చొక్కాలు. కొలతలు తీస్తే 20 మందికి చిన్న సైజు, 40 మందికి మధ్య సైజు, 20 మందికి పెద్ద సైజు సరిపోతాయని తేలింది. సాదా తెల్ల బట్ట, పొట్టి చేతులు, ఒక జేబు.

ముక్కల లెక్క

చొక్కా అంటే నిజానికి ఎనిమిది ముక్కలు. వీపు ఒకటి, ముందు భాగాలు రెండు, చేతులు రెండు, కాలరుకు పైదీ కిందదీ కలిపి రెండు, జేబు ఒకటి. ఒక్కోదాన్నీ అట్టమీద గీసి కత్తిరించి పెట్టుకుంటారు. ఆ అట్టల్లోనే కుట్టుకూ, గుండీపట్టీకీ, కింది మడతకూ కావాల్సిన బట్ట కలిపి ఉండాలి. కలపని అట్టతో లెక్క వేస్తే ఆ లెక్క అక్కడే తప్పుతుంది.

మధ్య సైజుకు వీపు ముక్క 19 అంగుళాల వెడల్పు, 25 పొడవు. ముందు భాగం ఒక్కోటి 11 వెడల్పు, 25 పొడవు. చెయ్యి 16 వెడల్పు, 9 పొడవు. కాలరు ముక్క 14 అంగుళాల పొడవు, 3 వెడల్పు. చిన్న సైజులో వీపు 17, ముందు భాగాలు పదేసి, పొడవు 22. పెద్ద సైజులో వీపు 21, ముందు భాగాలు పన్నెండేసి, పొడవు 28. చేతులూ ఆ మేరకే తగ్గుతాయి, పెరుగుతాయి. ఈ కథలో గుర్తుంచుకోవాల్సినవి వీపు, ముందు భాగాల వెడల్పులు. చిన్నదానికి మూడూ కలిపితే 37, మధ్యదానికి 41, పెద్దదానికి 45.

ఇక బట్ట. తాను మీద 45 అంగుళాల పన్నా అని రాసి ఉంటుంది. అందులో రెండు పక్కలా అరంగుళం చొప్పున గట్టి అంచు పోతుంది. అది కుట్టుకు పనికిరాదు, ఉతికితే ముడుచుకుని బట్టను లాగుతుంది. అంటే వాడుకోగలిగేది 44 అంగుళాలే.

ఇప్పుడు చదువుకున్న పిల్లలెవరైనా ఓ దగ్గర దారి చెబుతారు. ముక్కలన్నిటి వైశాల్యం కూడి, 44తో భాగిస్తే పొడవు వచ్చేస్తుంది కదా! ఒక చిన్న, రెండు మధ్య, ఒక పెద్ద... ఈ నాలుగు చొక్కాలకూ అలా లెక్క కడితే దాదాపు 130 అంగుళాలు వస్తుంది. అలాంటి నాలుగులు మొత్తం 40 కావాలి కాబట్టి 132 మీటర్లు. లెక్క తప్పు కాదు. కానీ బట్ట నీళ్లు కాదు, ముక్కలు పిండి కాదు. చంక దగ్గర వంపు ఉంటుంది, మెడ దగ్గర గుంట ఉంటుంది, పక్కపక్కన పెట్టిన రెండు ముక్కల మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలన్నీ డబ్బు పోసి కొన్న బట్టే. 132 మీటర్లు తెచ్చిన సంఘానికి ఈ బడి లెక్కలో పది మీటర్లు తగ్గుతుంది. అంటే పదకొండు చొక్కాలు!

ఒక్క అంగుళం మహిమ

మరి సరైన పొడవు తెలిసేదెలా? ముక్కల్ని పేర్చి చూడటమే. అటక మీద సామాను సర్దినట్టే. బట్ట పన్నాకు సమానమైన వెడల్పున్న కాగితాన్ని బల్లమీద పరిచి, అట్టముక్కల్ని దానిమీద అటూ ఇటూ జరుపుతూ అతి తక్కువ పొడవులో ఇరికించి చుట్టూ గీస్తారు. ఆ కాగితమే మార్కర్. దుస్తుల ఫ్యాక్టరీల్లో ఇదే పనిని కంప్యూటర్ తెరమీద చేస్తారు. సంఘం కేంద్రంలో పెన్సిలు, స్కేలు సరిపోతాయి.

ముందు ఒక్కో చొక్కానూ విడిగా పేర్చి చూద్దాం. మధ్య సైజుకు వీపు, రెండు ముందు భాగాలు పక్కపక్కన పెడితే 41. పన్నాలో ఇమిడిపోయి మూడంగుళాల సన్నని పట్టీ మిగులుతుంది. కాలరు ముక్కలు రెండూ ఒకదాని కింద ఒకటిగా సరిగ్గా ఆ పట్టీలో కూర్చుంటాయి. కింద చేతులు రెండూ పక్కపక్కన. జేబుకు చేతుల పక్కన చోటుంది. మొత్తం 25కు 9 కలిపి 34 అంగుళాల పొడవు. చిన్న సైజూ ఇలాగే 30 అంగుళాల్లో సర్దుకుంటుంది.

చిక్కంతా పెద్ద సైజుతోనే. దాని వీపు, ముందు భాగాలు కలిపితే 45. పన్నా 44. ఒక్కటంటే ఒక్క అంగుళం చాలదు! దాంతో ఒక ముందు భాగాన్ని కిందికి దించాల్సిందే. రెండో వరసలో దాని పక్కన చేతులు పెట్టుకున్నా మొత్తం పొడవు 56 అంగుళాలకు చేరుతుంది. ఒక్క అంగుళం కోసం చొక్కాకు 18 అంగుళాల దాకా ఎక్కువ బట్ట! పైగా అందులో చాలా భాగం ఎందుకూ పనికిరాని పీలికలుగా మిగులుతుంది.

ఇక్కడే మాస్టర్ల కిటుకు. పెద్ద సైజును ఒంటరిగా పెట్టరు. మధ్య సైజుతో జోడీ కడతారు. పెద్ద వీపు 21, దాని పక్కన మధ్య సైజు ముందు భాగాలు రెండు. కలిపితే 43. రెండో వరసలో పెద్ద ముందు భాగాలు రెండూ 24, పక్కన మధ్య సైజు వీపు 19. మళ్లీ 43! రెండు వరసలూ పన్నాలో చక్కగా ఇమిడాయి. మధ్య సైజు ముక్కలు మూడంగుళాలు పొట్టివి కాబట్టి వాటి కింద మిగిలిన సందుల్లో పెద్ద సైజు కాలర్లు దూరతాయి. ఆ కింద రెండు వరసల్లో నాలుగు చేతులు, వాటి పక్కన మిగిలిన కాలర్లు, జేబులు. రెండు చొక్కాలకూ కలిపి 75 అంగుళాలు. విడివిడిగా పెడితే ఇవే రెండూ 90 అంగుళాలు తినేవి.

ఇప్పుడు మొత్తం మార్కర్ తయారైంది. చిన్నది ఒకటి 30, మధ్యది ఒకటి 34, మధ్య-పెద్ద జోడీ 75. నాలుగు చొక్కాలకు 139 అంగుళాలు. పరిచేటప్పుడు కొసలు సమంగా రావు కాబట్టి పొరకు ఒక అంగుళం కలుపుకుంటే 140. ఇలాంటి పొరలు నలభై. చిన్నవి 40, మధ్యవి 80, పెద్దవి 40... లెక్క సరిపోయింది. నలభై పొరలకు 5,600 అంగుళాలు, అంటే 142 మీటర్ల పైచిలుకు. విడివిడిగా కోసి ఉంటే 157 మీటర్లు దాటేది. జోడీ కట్టినందుకు ఆదా అయింది పదిహేను మీటర్లు.

చొక్కాకు మీటరు అనే మాట ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ కూలుతుందో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. మధ్య సైజు చొక్కా ఒక్కటే విడిగా కోస్తే 44 పన్నాలో 34 అంగుళాలు చాలు. 36 పన్నాలో వీపు పక్కన ముందు భాగాలు రెండూ పట్టవు కాబట్టి 50 అంగుళాలు, అంటే మీటరుంబావు పైనే కావాలి. 58 పన్నాలో అయితే చేతులు కూడా పక్కనే చేరి పాతిక అంగుళాలు కాస్త దాటుతుందంతే. అందుకే కాస్త తెలిసిన షాపతను బట్ట చించేముందు ‘ఎంత పన్నా అక్కా?’ అని అడుగుతాడు. పన్నా చెప్పకుండా మీటర్లు చెబితే ఆ సంఖ్యకు అర్థం లేదు.

తాను మీది అంకెను నమ్మొద్దు

మార్కర్ గీశాక అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఒక తాను పన్నా కొలిచి, మిగతావన్నీ అంతేనని అనుకోవడం. తానుకు తానుకు అంగుళం, ఒక్కోసారి రెండంగుళాలు తేడా ఉండొచ్చు. ఒకే తానులో కూడా మధ్యలో సన్నబడొచ్చు. ప్రతి తానునూ విప్పి మొదట, మధ్యలో, చివర అంచులు వదిలి టేపు పెట్టాలి. వచ్చినవాటిలో అతి తక్కువదే అసలు పన్నా.

మన లెక్కలో వాడుకోదగ్గ పన్నా 43కు తగ్గినా గండం లేదు. మధ్య సైజు పక్కన పట్టీ సన్నబడినందుకు ఆ కాలర్లను చిన్న సైజు చేతుల పక్కన మిగిలే ఖాళీలోకి మార్చాలి. పొడవు పెరగదు. 42కు పడిందా... మధ్య-పెద్ద జోడీ 43 కాబట్టి తెగిపోతుంది. అది చూసుకోకుండా పాత మార్కర్‌నే పరిచి కోసేస్తే అంచున ఉన్న ముక్కలన్నీ అంగుళం తరుగుతాయి. వాటిని కుట్టేటప్పుడు గానీ సంగతి బయటపడదు. ముందే కొలిచినవాళ్లకు మాత్రం దారి ఉంది. జోడీ మార్చాలి. పెద్ద వీపు పక్కన చిన్న సైజు ముందు భాగాలు పెడితే 41. పెద్ద ముందు భాగాల పక్కన చిన్న వీపు పెడితే 41. మధ్యవి రెండూ విడిగా ఉంటాయి. మొత్తం పొడవు 142 అంగుళాలు. పొరకు మూడంగుళాలే పెరిగింది. నలభై పొరలకు చూస్తే మూడు మీటర్లు.

ఇంకో ప్రమాదం నీళ్లది. నూలు బట్టయినా, నూలు కలిసిన బట్టయినా మొదటి ఉతుకులో ముడుచుకోవచ్చు. ఎంతో తెలుసుకోవడం తేలిక. తాను కొసన 50 సెంటీమీటర్ల చదరం చెరిగిపోని సిరాతో గీసి, ఆ ముక్కను ఉతికి, ఆరబెట్టి మళ్లీ కొలవాలి. నిలువున 48.5 వచ్చిందంటే నూటికి మూడు తగ్గినట్టు. అడ్డంగా 49 వస్తే నూటికి రెండు. అలాంటి బట్టను తడిపి ఆరేసి కోయాలి. అప్పుడు 44 పన్నా 43కు కాస్త పైన ఆగుతుంది, మార్కర్ బతికిపోతుంది. నిడివి మాత్రం ముందే కలుపుకోవాలి. ఆరాక 142 మీటర్లు చేతికి రావాలంటే 147 మీటర్ల దాకా కొనాలి. మరకలకు, పోగులు తెగినచోట్లకు ఇంకో మూడు కలిపితే 150.

మిగులు ముక్కలోనే నలుగురు పిల్లలు

150 మీటర్లు తెచ్చారనుకుందాం. 40 మీటర్ల తానులు మూడు, 30 మీటర్లది ఒకటి. బట్ట చాలినట్టేనా? మొత్తం చూస్తే చాలింది. తాను తానుగా చూస్తే మాత్రం...

తడిపి ఆరేశాక 40 మీటర్ల తాను 38.8 మీటర్లవుతుంది. పొర నిడివి 140 అంగుళాలు, అంటే 3.56 మీటర్లు. పది పొరలు పరిచేసరికి 35.6 మీటర్లు అయిపోతాయి. మిగిలేది మూడుంబావు మీటర్ల ముక్క. పదకొండో పొరకు జానెడు పైన తక్కువ! అతుకు వేయలేం, అతుకు ఏదో ఒక ముక్క మధ్యలోకి వస్తుంది. అలా మూడు తానులకు ముప్ఫై పొరలు. 30 మీటర్ల తానులో ఎనిమిది. మొత్తం 38. కావాల్సింది 40. రెండు పొరలు తగ్గితే ఎనిమిది చొక్కాలు. తలా రెండు చొప్పున నలుగురు పిల్లలవి.

ఆ ఎనిమిదీ ఏవి? చిన్నవి రెండు, మధ్యవి నాలుగు, పెద్దవి రెండు. చేతిలో 127 అంగుళాల ముక్కలు మూడున్నాయి. మొదటి ముక్కలో మధ్య-పెద్ద జోడీకి 75, ఒక మధ్య సైజుకు 34. మొత్తం 109, పట్టింది. రెండో ముక్కలోనూ అంతే. మూడో దాంట్లో చిన్నవి రెండూ 60 అంగుళాల్లో తేలిపోతాయి. ఎనిమిదీ వచ్చేశాయి! తాను కొసను పీలికల బుట్టలో పడేయకుండా, మీద సుద్దతో నిడివి రాసి పక్కన పెట్టుకున్నవాళ్లకే ఈ అవకాశం. పడేసినవాళ్లు రెండు వారాల తర్వాత అదే తెలుపు కోసం షాపులు తిరుగుతారు. తెలుపులో కూడా తానుకో ఛాయ ఉంటుంది. అందుకే ఒక చొక్కా ముక్కలన్నీ ఒకే పొరలోంచి రావాలని కట్టలకు నంబర్లు వేస్తారు. మూడో నంబరు కాలరు మూడో నంబరు వీపుకే పడాలి.

నలభై పొరలను మామూలు కత్తెర కోయలేదు. చేతి కత్తెరతో అయితే కొన్ని పొరలే ఒకసారి పరిచి, మార్కర్‌ను మళ్లీ మళ్లీ వాడాలి. కటింగ్ మిషన్ ఉంటే ఎక్కువ పరవచ్చు. కానీ పొరలు పెరిగేకొద్దీ పై ముక్కకూ అడుగు ముక్కకూ కొలత తేడా వచ్చే ప్రమాదమూ పెరుగుతుంది. కోశాక పై చేతినీ అడుగు చేతినీ ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తే చాలు, తెలిసిపోతుంది. లాగి పరిస్తే ఇంకో తంటా. సాగిన బట్ట కోశాక వెనక్కి ముడుచుకుని, 25 అంగుళాల ముక్క చేతికి 24న్నరే వస్తుంది.

ఆదా చేయాలన్న ఆరాటంలో గీత దాటకూడని చోట్లు రెండున్నాయి. ముక్కను ఏటవాలుగా తిప్పితే సందులో దూరుతుంది కదా అనిపిస్తుంది. వీపు, ముందు భాగాలు మాత్రం పడుగు పోగుకు నిలువుగానే ఉండాలి. ఏటవాలుగా కోసిన ముందు భాగం కుట్టినప్పుడు బాగానే ఉంటుంది. నాలుగు ఉతుకుల తర్వాత గుండీపట్టీ పక్కకు తిరిగి, కింది అంచు ఒకవైపు వేలాడుతుంది. రెండోది, పొరలన్నీ ఒకే మొహంగా పరిచినప్పుడు ఎడమ ముందు భాగానికి, కుడి ముందు భాగానికి అట్టను తిరగేసి రెండుసార్లు విడిగా గీయాలి. మరిచిపోతే నలభై పొరల్లోనూ రెండూ ఎడమవే వస్తాయి. సాదా బట్టను తిరగేసి వాడుకోవచ్చు. మొహం, వీపు తేడా ఉన్న బట్టయితే ఆ ముక్కలు వృథా.

అన్నట్టు, ఈ లెక్కంతా సాదా బట్టకే. గళ్ల బట్టయితే ముందు భాగాల గళ్లు రెండు పక్కలా కలవాలి, జేబు మీది గడి చొక్కా మీది గడిలో కలిసిపోవాలి. అప్పుడు ముక్కల్ని ఇష్టమొచ్చిన సందులో పెట్టడం కుదరదు. మూడంగుళాల గడి ఉంటే, ప్రతి వరసనూ తర్వాతి గడి మొదలయ్యేదాకా జరపాలి. ఒక్కో వరసకు గడిలో కొంత, ఒక్కోసారి దాదాపు గడంతా పోతుంది. మన మార్కర్‌లో వీపు, ముందు భాగాల వరసలు నాలుగు, చేతుల వరసలు నాలుగు. అందుకే గళ్ల యూనిఫాం ఉన్న బడికి తెల్లబట్ట మార్కర్ పొడవుతో బట్ట అడగకూడదు. ఆ గళ్ల బట్ట ముక్క ఒకటి తెప్పించుకుని, గడి కొలిచి, మార్కర్ మళ్లీ గీసుకున్నాకే తానులెన్నో చెప్పాలి.